గడువు దాటిన మర్నాటి మెయిల్

ఒక ఆఫీసును ఊహించుకుందాం. హైదరాబాద్‌లో ఓ మోస్తరు కంపెనీ, అందులో అకౌంట్స్ విభాగం. కంపెనీకి సరుకు సరఫరా చేసే వెండార్లు 42 మంది. జూన్ నెలకు సంబంధించి మన లెడ్జర్‌లో ఉన్న బాకీ, వాళ్లు పంపిన స్టేట్‌మెంట్‌లో ఉన్న బాకీ ఒక్కటేనా కాదా అని ఒక్కొక్కరిదీ సరిచూసి షీట్ తయారు చేయాలి. సోమవారం సాయంత్రం 5 గంటలకు గడువు. షీట్ వెళ్లలేదు. మంగళవారం ఉదయం 11 గంటలకు మేనేజర్ ముంబై హెడ్డాఫీసుతో ఫోన్లో మాట్లాడాలి, ఈ లెక్కలు వాళ్లకు చెప్పాలి. ఉదయం 9 గంటలు దాటాక ఆయనకు ఒక మెయిల్ వచ్చింది. ఉత్తరం ఇంగ్లిష్‌లో ఉంది. తెలుగు లిపిలో పెడితే ఇలా ఉంటుంది:

"రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ సారీ ఫర్ ది ఇన్‌కన్వీనియన్స్ కాజ్డ్. ఐ యామ్ వర్కింగ్ ఆన్ ది వెండార్ షీట్ సిన్స్ ఫ్రైడే. ఎస్టర్డే ఐ హ్యాడ్ కంప్లీటెడ్ మోస్ట్ ఆఫ్ ది వెండార్స్, బట్ డ్యూ టు సమ్ ఇష్యూస్ ఐ కుడ్ నాట్ ఏబుల్ టు ఫినిష్. సమ్ వెండార్స్ డిడ్ నాట్ సెంట్ ది స్టేట్‌మెంట్స్. వన్స్ దే విల్ సెండ్, ఐ వుడ్ సబ్మిట్ టుడే ఇట్‌సెల్ఫ్. ప్లీజ్ ఎక్స్‌క్యూజ్ మీ అండ్ డూ ది నీడ్‌ఫుల్. ఇట్ విల్ నాట్ రిపీట్ ఎగైన్."

ఇది ఏ ఒక్కరి ఉత్తరమూ కాదు. మన ఆఫీసుల్లో గడువు తప్పిన మర్నాడు బయల్దేరే మెయిళ్లలో తరచూ కనిపించే తప్పులతో కూర్చిన నమూనా. చదివినవారికి రాసిన మనిషి బాధపడుతున్నాడని అర్థమవుతుంది. కానీ 11 గంటల ఫోన్‌కు కూర్చోబోతున్న మేనేజర్‌కు కావాల్సినవి మూడే విషయాలు. ఎంత పని అయింది? మిగిలింది ఎప్పుడవుతుంది? ఇప్పుడు నా చేతికి ఏమొస్తుంది? ఈ మూడింటికీ ఉత్తరంలో జవాబు లేదు. జవాబు చెప్పాల్సిన చోటల్లా ఒక క్రియ ఉంది, ఆ క్రియ కాలం తప్పింది. అందుకే ఈ ఉత్తరంలోని తప్పులన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. కొన్ని చెవికి మాత్రమే తగులుతాయి. కొన్ని సమాచారాన్నే మింగేస్తాయి.

మింగేసే వాటిలో మొదటిది "హ్యాడ్ కంప్లీటెడ్".

తెలుగులో "పూర్తి చేశాను" అన్న ఒక్క మాటతో ఎన్ని పనులో అవుతాయి. "నిన్న పూర్తి చేశాను" అంటాం. "ఇదిగో, పూర్తి చేశాను, చూడండి" అంటాం. "మీరు అడిగేసరికే పూర్తి చేశాను" అనీ అంటాం. సందర్భాన్నిబట్టి వినేవాడు గ్రహిస్తాడు, క్రియ మారదు. ఇంగ్లిష్ ఈ మూడింటికీ మూడు రూపాలు అడుగుతుంది. నిన్న అనే సమయం చెప్పి, అక్కడితో ముగిసిన పనికి "కంప్లీటెడ్". ఎప్పుడు చేశామన్నది పక్కనపెట్టి, ఇప్పుడు పని అయి సిద్ధంగా ఉందని చెప్పడానికి "హ్యావ్ కంప్లీటెడ్". గతంలోనే ఇంకో సంఘటన ఉండి, దానికన్నా ముందే ఇది అయిపోయిందని చెప్పడానికి "హ్యాడ్ కంప్లీటెడ్".

కాబట్టి "ఎస్టర్డే ఐ హ్యాడ్ కంప్లీటెడ్" అని ఆగిపోతే, ఇంగ్లిష్ బాగా అలవాటైన పాఠకుడు రెండో సంఘటన కోసం ఎదురుచూస్తాడు. పూర్తి చేసి ఉన్నాడు, ఆ తర్వాత ఏమైంది? ఫైలు పోయిందా? లెక్క తిరగబడిందా? వెంటనే "బట్" అని కూడా వచ్చేసరికి ఆ అనుమానం బలపడుతుంది. రాసినతను చెప్పదలచుకున్నది అది కాదు. చాలామంది వెండార్లవి అయిపోయాయి, షీట్‌లో ఉన్నాయి, కావాలంటే ఇప్పుడే వాడుకోవచ్చు. ఆ మంగళవారం ఉదయం మేనేజర్‌కు అన్నిటికన్నా పనికొచ్చే వార్త అదే. అది "హ్యాడ్" కింద పడి నలిగిపోయింది. "ఐ హ్యావ్ కంప్లీటెడ్ 36 ఆఫ్ ది 42 వెండార్స్" అని రాస్తే ఆయనకు ఒక్క వాక్యంలో ఊరట దొరికేది. "నిన్న" అన్న మాట అక్కడ అక్కర్లేదు, పైగా ఆ మాట పెడితే "హ్యావ్" పెట్టకూడదు. ఎప్పుడు చేశామో కచ్చితంగా చెప్పే "ఎస్టర్డే", "లాస్ట్ వీక్", "ఆన్ ఫ్రైడే" వంటి మాటలకూ "హ్యావ్"కూ ఒకే వాక్యంలో పొసగదు.

ఈ "హ్యాడ్" మీద మనకు ఇంత మోజు ఎందుకు? నా అభిప్రాయంలో మన పాఠాలకే ఇందులో పెద్ద భాగం ఉంది. పన్నెండు టెన్సుల పట్టిక బల్ల మీద రాసి, పక్కన తెలుగు అర్థాలు పెడతారు. "హ్యావ్ గాన్"కు "వెళ్లి ఉన్నాను" అని, "హ్యాడ్ గాన్"కు "వెళ్లి ఉంటిని" అని. "వెళ్లి ఉంటిని" అని ఇంట్లోగానీ బజార్లోగానీ ఎవరూ అనరు. ఎక్కడా వినని మాటతో అర్థం చెబితే పిల్లవాడికి పట్టుబడేది ఒక్కటే: ఇది కూడా గతమే, కాస్త పెద్దమనిషి తరహా గతం. పెద్దయ్యాక మేనేజర్‌కు రాసేటప్పుడు, మామూలు "కంప్లీటెడ్" మరీ తేలిగ్గా ఉందనిపించి, మర్యాద కోసం "హ్యాడ్" తగిలిస్తాడు. దేశమంతటా ఇంగ్లిష్‌లో ఈ వాడుక ఉంది, తెలుగువారికే ప్రత్యేకం కాదు. కానీ మూలం తెలిస్తే వదిలించుకోవడం తేలిక. రాసిన "హ్యాడ్" పక్కన "అప్పటికే" అన్న మాట పెట్టి చూడండి. "మీరు ఫోన్ చేసేసరికి అప్పటికే పంపేశాను" అన్నప్పుడు అతుకుతుంది, అక్కడ "హ్యాడ్" ఉండొచ్చు. "నిన్న అప్పటికే పూర్తి చేశాను" అన్నప్పుడు, దేనికప్పటికే అన్న ప్రశ్న వస్తుంది. దానికి ఉత్తరంలో జవాబు లేకపోతే "హ్యాడ్" కొట్టేయాలి.

సమాచారాన్ని మింగేసే రెండో చోటు మాట ఇచ్చే వాక్యం. "వన్స్ దే విల్ సెండ్, ఐ వుడ్ సబ్మిట్ టుడే ఇట్‌సెల్ఫ్." క్షమాపణలో అన్నిటికన్నా బరువైన వాక్యమిది. ఇందులో రెండు క్రియలున్నాయి, రెండూ తప్పాయి.

ముందు "వుడ్" సంగతి. మన ఇంగ్లిష్‌లో ఇది "విల్"కు మర్యాదైన రూపంగా చెలామణీ అవుతోంది. తెలుగులో మర్యాద క్రియలోనే ఇమిడి ఉంటుంది. "పంపు" వేరు, "పంపండి" వేరు. "గారు" అని, "అండీ" అని చేర్చడానికి చోటుంటుంది. ఇంగ్లిష్ క్రియలో ఆ సదుపాయం లేదు కాబట్టి మన చేతులు మర్యాద ఎక్కడ పెట్టాలా అని వెతుక్కుంటాయి. అడిగేటప్పుడు "వుడ్ యు ప్లీజ్" అన్నది మర్యాదే కదా, ఇచ్చేటప్పుడూ "ఐ వుడ్" అంటే మర్యాదగా ఉంటుందని తోస్తుంది. కానీ మాట ఇచ్చేటప్పుడు "వుడ్" ఆ మాటను షరతులోకి తోసేస్తుంది. "ఐ విల్ సబ్మిట్" అంటే ఇస్తాను. "ఐ వుడ్ సబ్మిట్" అంటే, పరిస్థితి వేరుగా ఉంటే ఇచ్చేవాణ్ణి, లేదా వీలు కుదిరితే ఇస్తాను. ఒకసారి గడువు తప్పిన మనిషి నుంచి వచ్చిన రెండో గడువు అలా ఊగిసలాడితే మేనేజర్ దాన్ని హెడ్డాఫీసుకు చెప్పలేడు. మాట ఇచ్చే చోట "విల్" ఒక్కటే ఉండాలి.

ఇక "వన్స్ దే విల్ సెండ్". భవిష్యత్తులో జరగాల్సిన పని కాబట్టి అక్కడ కూడా "విల్" ఉండాలన్నది రాసినతని లెక్క. ఇంగ్లిష్‌లో "వన్స్", "వెన్", "ఇఫ్", "ఆఫ్టర్" తర్వాత వచ్చే షరతు భాగంలో, భవిష్యత్తు గురించే అయినా, మామూలు వర్తమానమే వాడతారు: "వన్స్ దే సెండ్, ఐ విల్ సబ్మిట్." ఇది మనకు కష్టంగా ఉండాల్సిన పని కాదు. తెలుగులో ఏమంటాం? "వాళ్లు పంపగానే ఇస్తాను." "వాళ్లు పంపితే ఇస్తాను." "పంపగానే", "పంపితే" అన్న రూపాల్లో కాలం లేదు. కాలమంతా చివరి "ఇస్తాను"లోనే ఉంది. ఇంగ్లిష్ కూడా దాదాపు అదే పని చేస్తోంది: భవిష్యత్తు భారమంతా ఒకే క్రియ మీద వేసి, రెండోదాన్ని తేలిగ్గా వదిలేస్తుంది. తెలుగును అనుసరిస్తే తప్పు జరగదు. బడిలో నేర్చిన సూత్రాన్ని రెండుసార్లు వేసేసరికి తప్పు జరిగింది.

"డిడ్ నాట్ సెంట్" విషయంలోనూ ఇంతే. "పంపలేదు" అన్నప్పుడు "పంప"లో కాలం లేదు, కాలం చెప్పే పని "లేదు" చూసుకుంటుంది. ఇంగ్లిష్‌లో "డిడ్" ఆ పని చూసుకుంటుంది, వెనకవచ్చే క్రియ "సెండ్"గా మూలరూపంలోనే ఉండిపోవాలి. మన భాషలో లోపం వల్ల ఈ తప్పు వస్తోందని చాలామంది అనుకుంటారు. నిజానికి తెలుగు వాక్యాన్ని గుర్తు చేసుకుంటే ఇది దానంతటదే సర్దుకుంటుంది.

"కుడ్ నాట్ ఏబుల్ టు" వేరే రకం. "చేయలేకపోయాను" అన్న భావానికి ఇంగ్లిష్‌లో రెండు దారులున్నాయి: "కుడ్ నాట్ ఫినిష్", "వాజ్ నాట్ ఏబుల్ టు ఫినిష్". రెండూ కలిసిపోయి ఒకే వాక్యంలోకి వచ్చాయి. అర్థం చెడదు, కానీ చదివేవాడి కన్ను అక్కడ ఆగుతుంది. ఏదో ఒకటి చాలు, "కుడ్ నాట్" పొట్టిది.

"ఐ యామ్ వర్కింగ్ సిన్స్ ఫ్రైడే" గురించి కూడా ఒక మాట. "శుక్రవారం నుంచి చేస్తున్నాను" అన్న మన వాక్యానికి అచ్చు నకలు ఇది. ఇంగ్లిష్ "హ్యావ్ బీన్ వర్కింగ్" కోరుతుంది. మన దేశంలో చదివేవారెవరికీ ఇది అర్థం కాకపోదు, విదేశీ క్లయింటు మాత్రం గమనిస్తాడు. నా ఉద్దేశంలో దీన్ని సవరించడం కన్నా తీసేయడమే మేలు. శుక్రవారం నుంచి కష్టపడ్డానన్నది రాసినవాడికి ముఖ్యం. 11 గంటల ఫోన్‌కు అది అక్కరకు రాదు. పైగా అందులో ఒక ప్రమాదం ఉంది: సోమవారం ఇవ్వాల్సిన 42 మంది లెక్కను శుక్రవారం మొదలుపెట్టావా అని ఎదురు ప్రశ్న పుడుతుంది.

క్రియల తర్వాత మాటల సంగతి. "ఇన్‌కన్వీనియన్స్ కాజ్డ్" అన్నది రైల్వే స్టేషన్ మైకుల్లోంచి మన ఉత్తరాల్లోకి వచ్చిన మాట. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అంటుందే, అదే. ఎవరివల్ల కలిగింది? వాక్యంలో మనిషి లేడు. "సమ్ ఇష్యూస్"లో కారణం లేదు. "డూ ది నీడ్‌ఫుల్" ఒకప్పటి బ్రిటిష్ కార్యాలయాల భాష, అక్కడ పాతబడిపోయినా మన ఆఫీసుల్లో ఇంకా బతికే ఉంది. కావాల్సింది చేయండి అన్నారు సరే, ఆయన ఏం చేయాలి? ఆ షీట్ కోసం ఆగాలా, ఉన్నది పంపేయాలా? "టుడే ఇట్‌సెల్ఫ్" మన "ఈరోజే". తెలుగులో ఆ "ఏ"కారానికి బలముంది, ఇంగ్లిష్‌లో "ఇట్‌సెల్ఫ్" చేర్చినంత మాత్రాన ఆ బలం రాదు. దానికి బదులు గంట చెప్పాలి. "ఇట్ విల్ నాట్ రిపీట్ ఎగైన్"లో తప్పు దానంతటదే మళ్లీ జరుగుతున్నట్టుంది, "రిపీట్"లోనే "మళ్లీ" ఉన్నా "ఎగైన్" ఇంకోసారి చేరింది.

ఈ మాటలన్నిటికీ ఒకే లక్షణం ఉంది. ఎవరు, ఏమిటి, ఎప్పుడు అన్నవాటిని దాచేస్తాయి. తెలుగులో "ఆలస్యమైంది", "పొరపాటు జరిగింది" అనడం అమర్యాద కాదు. ఎదుట మనిషి ఉన్నప్పుడు ముఖంలో, గొంతులో బాధ్యత ఒప్పుకోలు కనిపిస్తుంది, మాట మెత్తగా ఉన్నా చాలు. మెయిల్‌లో ముఖమూ లేదు, గొంతూ లేదు. అక్కడ "నేను" అన్నది వాక్యంలోనే ఉండాలి.

దీనికి పరిశోధన ఆధారం కూడా ఉంది. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాయ్ లెవికీ, ఆయన సహచరులు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు ప్రయోగాల్లో కలిపి 755 మందికి రకరకాల క్షమాపణలు చూపించి, ఏది ఎంత పనిచేస్తుందో కొలిచారు. క్షమాపణను ఆరు భాగాలుగా విడదీశారు: విచారం చెప్పడం, ఏం జరిగిందో వివరించడం, బాధ్యత ఒప్పుకోవడం, ఇకమీదట చేయనని చెప్పడం, జరిగిన నష్టాన్ని సరిదిద్దుతాననడం, క్షమించమని అడగడం. అన్నిటికన్నా బలమైనది బాధ్యత ఒప్పుకోవడమని తేలింది. రెండోది సరిదిద్దుతానన్న మాట. క్షమించమని అడగడం అన్నిటికన్నా చివర నిలిచింది. పాల్గొన్నవారు అమెరికన్లు, వారికి చూపించినవి కల్పిత సందర్భాలు. కాబట్టి మన ఆఫీసులకు యథాతథంగా అన్వయించలేం. అయినా ఆ జాబితాను మన నమూనా ఉత్తరం పక్కన పెట్టి చూస్తే విషయం తెలిసిపోతుంది. "వెరీ సారీ", "ప్లీజ్ ఎక్స్‌క్యూజ్ మీ" అంటూ బలం తక్కువున్న భాగాలకు చోటు ఎక్కువ దక్కింది. బాధ్యత ఒప్పుకున్న వాక్యం ఒక్కటీ లేదు. సరిదిద్దుతానన్న వాక్యం "వుడ్"తో సగం ఊడిపోయింది.

ఇప్పుడు అదే ఉత్తరాన్ని తిరగరాద్దాం. ముందు నిజాలు తెలుగులోనే పెట్టుకోవాలి. 42లో 36 అయ్యాయి. మిగిలిన ఆరింటిలో నలుగురు వెండార్లు స్టేట్‌మెంట్ పంపలేదు, వాళ్లను అడిగిందే శుక్రవారం, అది తన ఆలస్యం. ఇద్దరివి వచ్చాయి గానీ మన లెడ్జర్‌తో ట్యాలీ కావడం లేదు, ప్రస్తుతం వాటినే చూస్తున్నాడు. వాటికి మధ్యాహ్నం ఒంటిగంట దాకా పడుతుంది. నలుగురి స్టేట్‌మెంట్లు ఎప్పుడొస్తాయో అతని చేతిలో లేదు. ఇంత స్పష్టంగా తెలిశాక క్రియలు వాటంతటవే దారిలో పడతాయి:

"డియర్ సర్, ఐ మిస్డ్ ఎస్టర్డేస్ 5 పీఎం డెడ్‌లైన్ ఫర్ ది జూన్ వెండార్ షీట్, అండ్ ఐ యామ్ సారీ. ఐ హ్యావ్ కంప్లీటెడ్ 36 ఆఫ్ ది 42 వెండార్స్. ది షీట్ ఈజ్ అటాచ్డ్, సో యు కెన్ యూజ్ ఇట్ ఫర్ ది 11 ఏఎం కాల్. టూ స్టేట్‌మెంట్స్ డూ నాట్ మ్యాచ్ అవర్ లెడ్జర్. ఐ యామ్ చెకింగ్ దెమ్ నౌ అండ్ విల్ సెండ్ దెమ్ బై 1 పీఎం. ఫోర్ వెండార్స్ హ్యావ్ నాట్ సెంట్ దెయిర్ స్టేట్‌మెంట్స్. ఐ ఆస్క్‌డ్ దెమ్ ఓన్లీ ఆన్ ఫ్రైడే, విచ్ వజ్ టూ లేట్. ఐ విల్ కాల్ ఆల్ ఫోర్ దిస్ మార్నింగ్ అండ్ అప్‌డేట్ యు ఎట్ 4 పీఎం, ఈవెన్ ఇఫ్ దే డూ నాట్ రిప్లై."

కాలాలు గమనించండి. గడువు తప్పడం నిన్న సాయంత్రం 5 గంటలకే ముగిసిపోయిన సంగతి, అందుకే "మిస్డ్". 36 మంది లెక్క ఇప్పుడు చేతిలో ఉంది, అందుకే "హ్యావ్ కంప్లీటెడ్". స్టేట్‌మెంట్లు ఇంతవరకూ రాలేదు, ఇంకా రావచ్చు, అందుకే "హ్యావ్ నాట్ సెంట్". అడిగింది శుక్రవారం, రోజు చెప్పాం కాబట్టి "ఆస్క్‌డ్". ఈ క్షణాన చేస్తున్నది "యామ్ చెకింగ్". ఇచ్చే మాటలకు "విల్". "ఈవెన్ ఇఫ్" తర్వాత "విల్" రాలేదు. ఉత్తరంలో "హ్యాడ్" ఒక్కటీ లేదు, దాని అవసరమే పడలేదు.

అంతకన్నా ముఖ్యమైనది ఆఖరి వాక్యం. తన చేతిలో లేని నాలుగు స్టేట్‌మెంట్లకు అతను మాట ఇవ్వలేదు. తన చేతిలో ఉన్న ఫోన్లకూ, 4 గంటల కబురుకూ మాట ఇచ్చాడు. రెండోసారి గడువు తప్పే అవకాశం అక్కడే తగ్గిపోయింది. సబ్జెక్ట్ గడిలో "సారీ ఫర్ డిలే" బదులు "జూన్ వెండార్ షీట్: 36 ఆఫ్ 42 డన్, అప్‌డేట్ ఎట్ 4 పీఎం" అని పెడితే, మెయిల్ తెరవకుండానే మేనేజర్‌కు సగం విషయం తెలిసిపోతుంది. క్లయింటు అమెరికాలో ఉంటే గంట పక్కన ఏ దేశపు గంటో కూడా రాయాలి. హైదరాబాద్‌లో సాయంత్రం 6 అయితే వేసవిలో న్యూయార్క్‌లో ఉదయం 8:30 మాత్రమే. "ఎండ్ ఆఫ్ ది డే" అని వదిలేస్తే ఎవరి రోజు ముగింపో తెలియక ఇంకో గొడవ మొదలవుతుంది.

పంపేముందు ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. ఉత్తరంలోని క్రియలను మాత్రమే వరసగా చదవాలి. ప్రతి క్రియ దగ్గరా తెలుగులో ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది ఫలానా సమయంలో అయిపోయిందా, అయి ఇప్పుడు సిద్ధంగా ఉందా, ఇప్పుడు జరుగుతోందా, ఇక జరగాలా? జవాబుకూ రాసిన రూపానికీ పొంతన కుదరని చోట తప్పు ఉన్నట్టే. ఈ పరీక్ష ఆర్టికల్స్ తప్పుల్నీ ప్రిపోజిషన్ల తప్పుల్నీ పట్టుకోదు. "ది" ఉండాల్సిన చోట లేకపోయినా మేనేజర్ ఫోన్‌కు ఆటంకం లేదు, వాటిని తీరిక ఉన్నప్పుడు నేర్చుకోవచ్చు.

ఈ ఉత్తరాలు అందుకునే మేనేజర్లకూ ఒక విన్నపం. మీ దగ్గర పనిచేసే కుర్రాడు తెలుగు మీడియంలో చదివి వచ్చి ఉండవచ్చు, అతని "హ్యాడ్" అబద్ధమూ కాదు, అతని "వుడ్" తప్పించుకోవడమూ కాదు. అనుమానమొస్తే పిలిచి తెలుగులోనే అడగండి: ఎన్ని అయ్యాయి, మిగిలినవి ఎన్నింటికిస్తావు? ఆ జవాబును ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలుగా రాసి అతనికి తిరిగి పంపండి. తర్వాతి మెయిల్‌లో అతనికి అదే నమూనా అవుతుంది.